పదిహేను పాళ్ళ మాట

22-9-2005, గురువారం

శ్రీవారు కాశీవిశ్వనాథరాజుగారికి మీ భార్య బంగారమ్మ నమస్కరించి రాసేది. ఇక్కడ నేను, అమ్మాయి మంజుష, అల్లుడుగారు, మనవరాలు భాను అందరం క్షేమం. ఆవకాయ జాడీ ఒక్కటే కొన్నాళ్ళు క్షేమంగా లేదు, దాని సంగతి కింద రాస్తాను. మీరూ, చెరువుల దగ్గర చిట్టియ్య కుటుంబమూ క్షేమమని తలుస్తాను.

మీ ఉత్తరం సోమవారం అందింది. అడిగినవాటికి ముందు జవాబులు. నా మోకాలు నొప్పి తగ్గింది. బీపీ మాత్రలు మర్చిపోవడం లేదు. మీరు మర్చిపోతున్నారని చిట్టియ్య పెళ్ళాం పాపాయి ఫోనులో చెప్పేసింది కనుక నాకు నీతులు రాయకండి. థాయ్‌లాండులో మనవాళ్ళెవరూ లేక తోచడం లేదా అన్నారు. తోచకపోవడం మాట అలా ఉంచండి, నెల రోజులుగా నాకు ఊపిరి సలపలేదు. "ఈ వయసులో వాళ్ళ భాష నేర్చుకుని ఏ ఆఫీసులో చేరతావు" అని వెటకారం కూడా చేశారు. నాకు ఆఫీసు దొరికింది. చదవండి, తెలుస్తుంది.

ఫోనులో చెప్పొచ్చుగా అంటారేమో. ఫోను హాల్లో ఉంది, హాల్లో అమ్మాయి ఉంటుంది. పైగా ఫోనులో మీరు నన్ను ఒక్క వాక్యం పూర్తి చేయనివ్వరు.

భానుకి శ్రావణమాసంలో రెండుసార్లు ఒళ్ళంతా దద్దుర్లు వచ్చిన సంగతి మీకు తెలుసు. మొదటిసారి గోకుడుతో పోయింది. రెండోసారి పై పెదవి కూడా ఉబ్బి, పిల్ల భయపడి ఏడ్చింది. ఏదో తిండి పడడం లేదు, ఏం తిన్నా ఒక పుస్తకంలో రాయండి అన్నాడు డాక్టరు. అమ్మాయి పాతవన్నీ గుర్తు తెచ్చుకుని తారీఖులతో సహా రాసింది. దద్దుర్లొచ్చిన రెండు రోజులూ ఆవకాయ అన్నం ఉంది. అంతే, తీర్పు అయిపోయింది. "అమ్మా, ఆవపిండే దానికి పడటంలేదు. ఇంక ఆ జాడీ ముట్టుకోవద్దు" అని జాడీకి గుడ్డ కట్టి అటక మీద పెట్టేసింది. నాకు ఎంత అవమానమైందో రాయలేను. మీరు దానికి తోడు అల్లుడికి ఫోను చేసి "నాలుగు తరాలుగా తింటున్నాం, మా ఆవకాయకి దద్దుర్లేంటండీ" అని అరగంట దెబ్బలాడారు. పాపం ఆయన "అవునండి, నిజమేనండి" అంటూ చెమటలు తుడుచుకున్నాడు.

ఇప్పుడు అసలు మాట. కోప్పడకుండా చదవండి.

ఆ పుస్తకంలో అమ్మాయి రాయనిది ఒకటుంది. రాయడానికి దానికి తెలియదు. నూనెలో వేయించినవి పిల్లకి పెట్టొద్దని అది మొదటిరోజే చెప్పింది. కానీ పిల్ల పప్పన్నం నోట్లో పెట్టుకుని గంట కూర్చుంటుంది. వీధి చివర నొయ్ అనే ఆవిడ కొట్లో అచ్చం మన సగ్గుబియ్యం వడియాల్లాంటివి కనిపించాయి. బొమ్మా గిమ్మా ఏమీ లేదు, గాజు కాగితం సంచీ, మూలన చిన్న చీటీ. కొన్నాను. అమ్మాయి స్నానానికి వెళ్ళినప్పుడు నాలుగు వేయించాను, పొంగి పళ్ళెమంతయ్యాయి. పిల్ల కరకరలాడించి రెండు ముద్దలు ఎక్కువ తింది. మళ్ళీ వారం ఇంకో నాలుగు. మొత్తం రెండే రెండుసార్లు.

అమ్మాయి తీర్పు విన్నాక లెక్క వేసుకున్నాను. ఆవకాయ పిల్ల ఎన్నో రోజులు తింది, దద్దుర్లు రెండుసార్లే వచ్చాయి. వడియాలు వేయించిందీ ఆ రెండుసార్లే. 

సంచీ ఇంట్లో ఉంటే పట్టుబడతాను, పారేస్తే ఆధారం పోతుంది. పైగా ఆ చీటీ మీద అక్షరాలు చీమ తలకాయలంత. అల్లుడుగారి కెమెరా తీశాను. పిల్ల ఫొటోలు తీయడానికి నాకు నేర్పించాడులెండి. మొదటిది తీస్తే ఫ్లాషు పడి గాజు కాగితం మెరిసి తెల్లగా వచ్చింది. రెండోది మసక. అప్పుడు పువ్వు బొమ్మ ఉన్న మీట గుర్తొచ్చింది, దగ్గరి వస్తువులకి అది నొక్కాలి. ఫ్లాషు ఆపి, కిటికీ వెలుగులో సంచీ గట్టుమీద పరిచి, మోచేతులు ఆనించి తీస్తే పడింది. సంచీని వీధి చెత్తబుట్టలో వేసి వచ్చాను. ఇక రోజూ మధ్యాహ్నం కెమెరా తీసి, భూతద్దం బొమ్మ నొక్కి, అక్షరాలు పెద్దవి చేసి, బాణం మీటలతో పక్కకి జరుపుతూ, ముగ్గు దించినట్టు నోటుబుక్కులోకి దించాను.

ఎవరినైనా అడగొచ్చుగా అంటారు. అల్లుడిని అడిగితే అమ్మాయికి తెలుస్తుంది. నొయ్‌ని అడిగితే రోజూ ఆ కొట్టుకే వెళ్ళే అమ్మాయికి ఇంకా ముందు తెలుస్తుంది.

మొదట నాకు అర్థమైనవి అంకెలు, అవి మనం వాడేవే. కింద గడువు 2549 అని ఉంది. ఐదొందల ఏళ్ళు నిలవుండే వడియాలేంటని హడలిపోయాను. తర్వాత ఇంట్లో క్యాలెండరు చూస్తే ఈ సంవత్సరం వీళ్ళకి 2548. బుద్ధుడి నుంచి లెక్కట, మనకంటే 543 ఎక్కువ. పైన వరసగా 70, 15, 8, 4, 3, ఒక్కోదాని పక్కన శాతం గుర్తు. కూడితే నూరు. అంటే ఏది ఎన్ని పాళ్ళు కలిపారో రాశారు, ఎక్కువది ముందు. ఐదు మాటలు చదివితే చాలు.

చదవడం ఎలా? తెలిసిన పొట్లంతో తెలియనిది చదవాలని తట్టింది. వంటింట్లో ఉప్పు పొట్లంలో ఉప్పే ఉంటుంది కదా, దాని మీది పెద్దక్షరాలు ఫొటో తీశాను. చక్కెర పొట్లమూ తీశాను. నోటుబుక్కుతో పోలిస్తే ఎనిమిది చక్కెర, నాలుగు ఉప్పు. సంతలో వెల్లుల్లి బుట్టలో గుచ్చిన అట్టముక్క చూసి మూడు వెల్లుల్లి అని తేల్చాను. కర్రపెండలం పిండి సంచీతో డెబ్భై కుదిరింది. సగ్గుబియ్యం చేసేది దాంతోనే కనుక నా కళ్ళు మరీ అంత మోసం చేయలేదు. వీళ్ళు మాటకీ మాటకీ మధ్య ఖాళీ వదలరు, ఊరేగింపులా వరసగా వెళ్ళిపోతాయి, అంకెలే లేకపోతే ఎక్కడ తెంపాలో తెలిసేది కాదు.

ఆ పదిహేను పాళ్ళది మాత్రం లొంగలేదు. చిన్న మాట. భాను బడి అక్షరాల అట్ట గోడకి ఉంది, బొమ్మలతో. దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. చూడగా చూడగా మన క ఖ గ ఙ వరసే. మొదటి అక్షరానికి కోడి బొమ్మ, అది క. వర్గం చివర పాము బొమ్మ, అది ఙ. మనం చిన్నప్పుడు బడిలో ఙ దిద్ది, తర్వాత ఒక్క మాటలోనూ వాడలేదు కదా, అది ఇక్కడ ఉద్యోగం చేస్తోంది. కొమ్ము పక్కన కాకుండా కాళ్ళ కింద పెడతారు. నెత్తిన పిలక ఒకటి, అది మాట పలికే రాగానికట. కూడబలుక్కుంటే "కుఙ్" అని వచ్చింది. చదివాను కానీ అదేమిటో తెలియదు. వారం రోజులు పప్పు కలుపుతూ కుఙ్, బట్టలారేస్తూ కుఙ్.

పోయిన శుక్రవారం అల్లుడుగారి కంపెనీ చొక్కాలు మడతపెడుతున్నాను. వీపున ఎర్రక్షరాలు ఉంటాయి. మూడు నెలలుగా ఉతికి మడతపెడుతున్నవే. ఆఖరున కోడి, కాళ్ళ కింద కొమ్ము, నెత్తిన పిలక, పక్కన పాము. ఆయన కాఫీ తాగుతున్నాడు.

"బాబూ, ఈ చొక్కా మీద ఏం రాశారండీ?"

"రొయ్యల మేత అని అత్తయ్యగారూ. మేత ముందు, రొయ్య ఆఖరున."

అంటే ఆ వడియాల్లో పదిహేను పాళ్ళు రొయ్యే. ఈ మనిషి పగలంతా రొయ్యల మధ్య ఉండి, ఇంట్లో వాటి పేరెత్తనివ్వడు, అందుకే పిల్ల వాటిని ఎరగదు. వాసన ఎందుకు తెలియలేదంటారా, ఆయన చొక్కాలతో ఇల్లంతా ఎప్పుడూ అదే వాసన. ఇంకో పాపం కూడా ఒప్పుకుంటున్నాను. శ్రావణమాసం నీచు ముట్టనని మొక్కుకుని, ఆ వడియాలు నేనూ రెండు తిన్నాను. రుచిగా ఉన్నాయి.

అసలు భయం ఏంటంటే, మర్నాడు శనివారం కంపెనీ వాళ్ళ విందు, సముద్రపు ఒడ్డున. రొయ్యల కంపెనీ విందులో ఏం పెడతారో చెప్పక్కర్లేదు. ఆవకాయ లేదు కదా, పిల్లని ఏమైనా తిననిద్దాం అంటోంది అమ్మాయి. నేను నోరు మూసుకుంటే నా పరువు మిగులుతుంది, పిల్ల మిగలకపోవచ్చు. నోరు తెరిస్తే అమ్మాయి ఇక నా చేతికి పిల్లని ఇవ్వదు. నిజం చెబుతున్నాను, నాకు ఆవకాయ గురించి కాదు, అదే ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రమే కెమెరా, నోటుబుక్కు తెచ్చి అమ్మాయి ముందు పెట్టాను. మొత్తం చెప్పాను. అది వెంటనే పుస్తకం తీసి ఆ రెండు తారీఖుల పక్కనా "వడియాలు, అమ్మ" అని రాసింది. తిట్టినా బావుండేది.

శనివారం పొద్దున డాక్టరు పిల్ల చేతిమీద ఆవాల రసం, రొయ్య రసం చెరో చుక్క వేసి సన్నగా గుచ్చాడు. పావుగంటకి ఆవాల చోట ఏమీ లేదు. రొయ్య చుక్క దగ్గర దోమ కుట్టినదానికి మూడింతలు ఉబ్బింది. ఇక రొయ్య ముట్టకూడదన్నాడు. మన రొయ్యల చెరువుల వారసురాలికి ఒక్క రొయ్య కూడా పనికిరాదు, ఆ బాధ మీరు మెల్లగా దిగమింగండి. జాడీ అటక దిగింది. అల్లుడికి ఫోను చేసి మంచిగా మాట్లాడండి, తప్పు ఆవకాయది కాదు కానీ అతనిదీ కాదు.

సాయంత్రం విందుకి నేను రానన్నాను. ఇంటి నుంచి పెరుగన్నం గిన్నె సర్దుతూ అమ్మాయి అంది, "నువ్వు రాకపోతే ఎలాగే. నువ్వు చదవకుండా దాని నోట్లోకి ఏదీ వెళ్ళకూడదు." భాను చెయ్యి తీసి నా చేతిలో పెట్టింది.

అక్కడ ప్రతి గిన్నె ముందూ చిన్న చీటీ ఉంది. పెరుగన్నం తిన్నాక భాను పళ్ళరసం కావాలంది, మూత వేసిన డబ్బా. నేను కళ్ళజోడు సర్దుకుని వెనక ఉన్న అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కోవడం మొదలుపెట్టాను. వెనక కంపెనీ పెద్దాయనతో సహా పదిమంది పళ్ళాలు పట్టుకుని నిలబడిపోయారు. ఒకాయన ఏదో అనబోతే మంజుష చెయ్యి అడ్డం పెట్టి, వాళ్ళ భాషలోనే చెప్పింది. ఏమందని అల్లుణ్ణి అడిగాను. "ఆగండి, మా అమ్మ చదువుతోంది" అందట.

ఇట్లు,
మీ భార్య, భాను అమ్మమ్మ
బంగారమ్మ