వెలుతురులో చూపించడానికి బయటికి వచ్చాను

జూన్ 4

"నేను చూసిన. నేనే చెప్త. నువ్వు రంది పడకు" అన్నాడు, దవాఖానలో మా తమ్ముడి మంచం పక్కన కూర్చుని. తీరా బోనెక్కాక, "ఆ రోజు నేను ఊళ్లనే లేను, మర్కూక్ పోయిన" అని చెప్పి దిగిపోయాడు. తిన్న దెబ్బలకు తమ్ముడికి ఒక చెవి పోయింది, కేసూ పోయింది. తమ్ముడు కూడా పోయి చాలా ఏళ్లయింది. మాట తప్పినవాడు మాత్రం ఇదే సిద్దిపేటలో పెద్దమనిషిగా తిరుగుతున్నాడు. పేరు రాయను. ఈ డైరీలో ఆ పేరుకు చోటు లేదు.

ఇవాళ ఇదంతా ఎందుకు... కింద నవీన్‌కి సమన్లు వచ్చాయి.

జూన్ 5

నిద్ర సరిగా లేదు. నవీన్‌కీ లేదట.

నా ఇంటి కింది మడిగెలో మ్యాచింగ్ సెంటర్ నడుపుతాడు. లైనింగులు, ఫాల్స్, బ్లౌజ్ పీసులు. పెళ్లయి ఏడాది కాలేదు. సొంతూరు బెజ్జంకి. గట్టిగా మాట్లాడటం రాదు, బేరం ఆడేవాళ్లకి తనే ముందు తగ్గిస్తాడు. అలాంటివాడు సాక్షి నంబరు రెండు.

పోయిన ఎండాకాలం మా సందు మూల మీద గొడవ. మామిడిపళ్ల బండి ఎల్లేశం, కారు రాకేశ్. బండి అడ్డముందని మాట, మాటకు మాట, కారు డిక్కీలోంచి ఇనుప రాడ్డు. ఎల్లేశం కుడి మణికట్టు విరిగింది. పళ్లు తొక్కుకుంటూ అందరూ పారిపోయారు. పోలీసులు వచ్చేసరికి నిలబడి ఉన్నది నవీన్ ఒక్కడే. వాడు చేసిన తప్పు అదే.

రాకేశ్ ఎవరు? పైన పేరు రాయనివాడి మేనల్లుడు. దేవుడికి నా మీద ఇంకా పగ తీరలేదు.

జూన్ 7

"తాత, పోకపోతే ఏమైతది?" అని నవీన్ అడిగాడు. సమన్లు తీసుకుని పోకపోతే వారంటు వస్తుందన్నాను. అప్పటినుంచి కత్తెర సరిగా పట్టుకోవట్లేదు.

జూన్ 12

కోర్టు. పొద్దంతా వరండాలో నిలబడ్డాం. అవతలి వకీలు వేరే కోర్టులో ఉన్నాడని వాయిదా.

పనికొచ్చింది ఒక్కటే. ప్రభుత్వం తరఫు వకీలు, ప్రాసిక్యూటర్ మేడమ్, నవీన్‌ని పక్కకి పిలిచి పోలీసుల ముందు చెప్పిన వాంగ్మూలం చదివి వినిపించింది. విన్నాక వీడి ముఖం పాలిపోయింది. "నేను నా దుకాణంలో కూర్చుని ఉండగా..." అని ఉందట.

"నేను కూసోలే తాత. బయటికొచ్చి నిలబడ్డ."

ఎందుకు బయటికి వచ్చావన్నాను. పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. "ఒకామె చీరెకు పీసు అడిగింది. ట్యూబ్‌లైట్ కింద రంగు తెలుస్తదా? చీరె, పీసు రెండు పట్టుకొని వెలుతుర్లకొచ్చి చూపియ్యాలె. లేకుంటే మల్ల వాపస్ తెస్తరు."

పోలీసులకు ఇదే చెప్పాడట. ఆ హెడ్ కానిస్టేబుల్‌కి చీర, వెలుతురు అక్కర్లేని మాటలు. దుకాణదారుడు దుకాణంలో కూర్చుంటాడు, అంతే. రాసిన కాగితం మీద సాక్షి సంతకం పెట్టించరు కాబట్టి, తప్పు పడిందని వీడికి ఇవాళ్టిదాకా తెలియదు.

జూన్ 13

కిందికి దిగి వాడి కౌంటర్ వెనక కూర్చున్నాను. ఎదురుగా వేలాడుతున్న ఫాల్స్, పక్కన బొమ్మకు కట్టిన చీర. సందు మూల కనిపించదు. ఎంత వంగినా కనిపించదు.

అవతలి వకీలుకు కావలసింది ఇదే. పోలీసులు రాసుకున్న వాంగ్మూలం సాక్ష్యం కాదు. కానీ సాక్షి ఇవాళ చెప్పేదానికీ దానికీ తేడా ఉంటే ఆ తేడా చూపించడానికి ముద్దాయి వకీలు వాడుకోవచ్చు. తరవాత కేసు దర్యాప్తు చేసిన ఎస్సై బోనెక్కుతాడు. "బయటికి వచ్చానని ఈ సాక్షి మీకు చెప్పాడా?" అని అడుగుతారు. ఎస్సై కాగితం చూసి లేదంటాడు. అయిపోయె. కూర్చున్నవాడికి కనిపించదు, బయటికి వచ్చానన్నది కొత్తగా అల్లిన మాట.

ఇదంతా తమ్ముడి కేసు తరవాత కసితో చదివిన చట్టం పుస్తకాల్లోది. ఎవరి కోసం చదివానో అప్పుడు తెలియదు.

"అయితే దుకాణంల కూసొనే చూసిన అంట తాత. గట్ల అంటె లొల్లే లేదు గద?"

లేదు, అబద్ధం ఒక్కటే ఉంటుంది అన్నాను. ముఖం ముడుచుకుని షట్టర్ వైపు తిరిగాడు.

జూన్ 15

పేరు రాయనన్న ఆయన వచ్చాడు. తెల్ల చొక్కా, మెడలో కండువా. నా మెట్ల దాకా రాలేదు, కింద నవీన్ దగ్గరే స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పైన కిటికీ దగ్గర నాకు ప్రతి మాటా వినిపిస్తోంది. వినిపించాలనే అన్నట్టుంది.

"పిలగాడివి. దుకాణం మొన్ననే పెట్టుకున్నవు. కోర్టు ఎక్కినోడి దుకాణంకు ఎవలొస్తరు?"

నవీన్ కొలత టేపును వేలికి చుట్టాడు, విప్పాడు.

"అబద్ధం చెప్పుమంటలేను బిడ్డ. సరిగ చూడలేదు అను. చూడకపోవుడు నేరమా?"

పోతూ పోతూ పైకి చూశాడు. "పాతయి మనసుల పెట్టుకొని పిల్లగాండ్లను కరాబ్ చేయొద్దె" అన్నాడు. నవ్వాడు కూడా.

నేను కిటికీ మూయలేదు. వాడే ముందు తల దించాలని చూశాను. దించలేదు.

జూన్ 16

ఇనుప రాడ్డుతో ఎముక విరగ్గొట్టిన కేసు కోర్టులో రాజీకి రాదు. ఇద్దరూ చేతులు కలిపి వచ్చినా జడ్జి కొట్టేయడానికి లేదు. కాబట్టి మన దగ్గర రాజీ ఎలా చేస్తారంటే బయట మాట్లాడుకుంటారు, లోపల సాక్షులు "నాకు తెల్వదు" అంటారు. అంతా చట్టప్రకారమే నడిచినట్టుంటుంది. ఎల్లేశం ఇంటి వైపు కూడా ఆయన కారు తిరుగుతోందని విన్నాను...

జూన్ 18

నేనే వకీలునయ్యాను. కర్రపెట్టె తిరగేసి బోను చేశాం.

"మీరు చెప్పేదంతా అబద్ధం అంటాను, నిజమేనా?"

"అట్లెట్ల అంటవు తాత?"

"తాత కాదు. వకీలును."

"అట్లెట్ల అంటరు సార్?"

వాడి భార్య గుమ్మంలో నిలబడి నవ్వు ఆపుకోలేకపోయింది. వాడికీ నవ్వొచ్చింది. చాలా రోజులకు.

తరవాత నిజంగా చెప్పాను. చివర్లో వకీలు వరసగా ఆరోపణలు చేస్తాడు. అడగడం కాదు, తన వాదన రికార్డుకెక్కించడం. కోపం తెచ్చుకోకు, నిజం కాదు అను చాలు. ప్రశ్న పూర్తయ్యాకే నోరు తెరువు. తెలియకపోతే తెలియదను. నీ జవాబు జడ్జిగారు ఇంగ్లీషులో చెప్తే టైపు చేస్తారు. ఆఖరున తెలుగులో చదివి వినిపిస్తారు. విను. విన్నాకే సంతకం.

ఏం చూశావో మాత్రం నేను చెప్పలేదు. ఒక్క మాట కూడా.

జూన్ 19

వాళ్ల అమ్మ బెజ్జంకి నుంచి ఫోను. "మనకెందుకు రా కొడుకా." స్పీకర్‌లో పెట్టాడు, నేను వినాలని.

జూన్ 20

కోర్టు నుంచి వచ్చేసరికి పొద్దుపోయింది, అయినా ఇవాళే రాయాలి.

ఒక సాక్షి చెప్తుంటే మిగతా సాక్షులు హాల్లో ఉండకూడదు. నవీన్ వరండాలో. నేను సాక్షిని కాను కనుక వెనక బెంచీలో.

ముందు ఎల్లేశం. బంట్రోతు పిలిచాడు. గుమ్మం దాకా ఆ కండువా ఆయనే వెంట వచ్చి ఎల్లేశం భుజం తట్టి పంపాడు. ఎల్లేశం ప్రమాణం చేసి, ప్రాసిక్యూటర్ మేడమ్ అడగ్గానే, "బండి మీదికెల్లి పడ్డ మేడం. ఎవలు కొట్టలే" అన్నాడు. విరిగి వంకరగా అతికిన మణికట్టును ఎడమ చేత్తో దాచుకుంటూ.

సాక్షి ఎదురు తిరిగాడని, నిలదీసి అడగడానికి మేడమ్ జడ్జి అనుమతి తీసుకుంది. ఫిర్యాదు నీదేనా, వేలిముద్ర నీదేనా, ముద్దాయి వాళ్లతో కలిసిపోయావా? "కాదు మేడం." "కాదు మేడం." "లేదు మేడం." దిగి వచ్చి ముందు బెంచీలో కూర్చున్నాడు.

లేచి వరండాలోకి పోతే నవీన్‌కి ఒక్క మాటలో చెప్పొచ్చు. దెబ్బ తిన్నవాడే లేదంటే నీకేం పట్టింది, పోయి తెలియదని చెప్పు, దుకాణం కాపాడుకో. చెప్పాలనిపించింది. నిజంగా. కానీ లోపల జరిగింది బయటి సాక్షికి మోయకూడదు. బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నాను.

నవీన్ వచ్చాడు. మేడమ్ అడిగినవన్నీ చెప్పాడు. గొంతు చిన్నదే కానీ ఆగలేదు. రాకేశ్‌ని వేలితో చూపించాడు.

ఆ తరవాత అవతలి వకీలు లేచాడు. నిదానంగా, మర్యాదగా.

"దుకాణంలో మీ సీటు ఎక్కడ?" "కౌంటర్ ఎన్క సార్." "అక్కడినుంచి మూల కనిపిస్తుందా?" "కనిపియ్యది." "మరి?" "బయటికొచ్చిన. పీసు వెలుతుర్ల చూపిస్తందుకు." "ఈ వెలుతురు సంగతి పోలీసులకు చెప్పారా?" "చెప్పిన సార్." "అందులో లేదు." "రాసుకోలేదేమో సార్."

"ఆ ఆడమనిషి పేరు?" "తెల్వది." "పీసు ఏ రంగు?"

ఆగిపోయాడు. రంగులే వాడి బతుకు. హాలంతా వాణ్నే చూస్తోంది. "గుర్తులేదు సార్."

ఎవరో నవ్వారు.

"ఎల్లేశమే బండి మీదనుంచి పడ్డానన్నాడు. మీకు ఆయనకంటే ఎక్కువ తెలుసా?" మేడమ్ అభ్యంతరం చెప్పింది. ఈలోగా నవీన్ తల తిప్పి ఎల్లేశాన్ని చూశాడు. ఎల్లేశం నేలను చూస్తున్నాడు. నవీన్ మళ్లీ వకీలు వైపు తిరిగాడు. "అన్న ఏం చెప్పిండో నాకు తెల్వది. నేను చూసింది నేను చెప్పిన."

"వెనక కూర్చున్న ఆ పెద్దాయన ఎవరు?" "మా షాపు ఓనర్ సార్." "కేసు గురించి మాట్లాడారా?" "మాట్లాడిన్రు. కోర్టుల ఎట్ల నిలబడాలె, తెల్వకపోతే తెల్వదు అను అని చెప్పిన్రు." "అంటే నేర్పించారు." వకీలు కూర్చున్నాడు.

చివరికి చదివి వినిపించారు. "నా షాపు యజమాని చెప్పిన విధంగా సాక్ష్యం ఇస్తున్నాను." పెన్ను చేతిలో పెట్టారు. నేను కళ్లు మూసుకున్నాను.

"సార్... నేను గట్ల చెప్పలే."

జడ్జిగారు తల ఎత్తి, ఏమన్నావో మళ్లీ చెప్పు అన్నారు. చెప్పాడు. దిద్దారు. అప్పుడు సంతకం చేశాడు.

జూన్ 21

"రామా గ్రీన్ తాత" అన్నాడు పొద్దున్నే షట్టర్ ఎత్తుతూ. "రంగు. బయటికి రాంగనే యాదికొచ్చింది. ఇప్పుడు పోయి చెప్పరాదా?"

చెప్పరాదు అన్నాను.

జూన్ 24

బోణీ లేదు. ఆయన వాడకట్టు ఆడవాళ్లు ఎదురు దుకాణానికి పోతున్నారు. నవీన్ పీసులు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెడుతున్నాడు. ఎస్సై, డాక్టరు ఇంకా బోనెక్కాలి. తరవాత వాదనలు. దెబ్బ తిన్నవాడే లేదన్న కేసులో ఒక్క నవీన్ మాట నిలుస్తుందా... మేడమ్‌ని అడిగితే చూద్దామంది. ఆ మాట అనే తీరు నాకు తెలుసు.

జూన్ 27

సాయంత్రం ఎల్లేశం వచ్చాడు. దుకాణం లోపలికి రాలేదు, బయటే నిలబడ్డాడు.

"తమ్మీ, కోపమున్నదా?"

"లేదన్న."

"ఆ పెద్దమనిషి బండి పెట్టుకునేతందుకు జాగ ఇప్పిస్త అన్నడు. ఇంక ఇయ్యలే." వంకర మణికట్టు రుద్దుకుంటూ, "ఇప్పుడు నిజం చెప్తనంటె ఇంటరా?" అన్నాడు.

నవీన్ పైకి, నా వైపు చూశాడు. ప్రమాణం చేసి చెప్పిన మాట తిప్పితే, ఏది అబద్ధమని ముందు ఎల్లేశాన్నే పట్టుకుంటారు. చెప్పకపోతే రాకేశ్ మూల మీద మళ్లీ కారు ఆపుతాడు, నవీన్ దానికి ఎదురుగానే రోజూ షట్టర్ ఎత్తాలి. ఇద్దరూ నా నోటివైపే చూస్తున్నారు.

ఎల్లేశాన్ని అనలేను, ఆ చెయ్యి చూశాక. వకీలు తన పని చేసుకున్నాడు. హెడ్ కానిస్టేబుల్‌ది బద్ధకం. అందర్నీ ఒక్కొక్కరినే పక్కకి పెడుతూ వచ్చాను, ఒకడే మిగిలాడు. నిజం తెలిసినవాడి భుజం తట్టి అబద్ధానికి పంపేవాడు. అప్పుడు బోనెక్కి మాట తప్పినవాడూ వాడే, ఇప్పుడూ వాడే. ఇన్నేళ్లు ఆ పేరు రాయనన్నాను. రాస్తున్నాను.

బాలనర్సయ్య.