చిట్టి పెట్టని సంతకం

జూన్ 2, సోమవారం
వీసా వచ్చింది. కువైట్ ఆసుపత్రి, స్టాఫ్ నర్సు, రెండేళ్లు. పదహారున ఫ్లైటు.
పిల్లలకి ఉత్తరం రాయాలి. ఈసారి చెప్పి వెళ్లాలి. ఇంటర్వ్యూకి ఢిల్లీ వెళ్లినప్పుడు "సాయంత్రానికి వచ్చేస్తా" అన్నాను. చిట్టి నాలుగు రోజులు నా చెప్పులు ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చుందట. తప్పు నాదే.

జూన్ 4
రాశాను. మా ఆయన పోర్టు నుంచి వచ్చి చదివాడు. "ఇదేటే, ఉత్తరమా, డిశ్చార్జి కాయితమా?"
నిజమే... "సన్నీ, ఆరేళ్లు, పాలు తాగడు. చిట్టి, నాలుగేళ్లు, చెవి నొప్పి వస్తుంటుంది, గమనించవలెను." పన్నెండేళ్లుగా వార్డులో డ్యూటీ అప్పగిస్తున్న చెయ్యి. ఇంకేం రాస్తుంది?

జూన్ 7
"మీ బంగారు భవిష్యత్తు కోసం —" నాలుగేళ్ల పిల్లకి భవిష్యత్తు ఏమిటి, నా మొహం. చింపేశాను.

జూన్ 9
చిన్న చిన్న వాక్యాలు. ఎక్కడికి, ఎందుకు, అన్నం ఎవరు పెడతారు. "మీరు అల్లరి చేసినందుకు కాదు" — ఇది రెండుసార్లు రాశాను. రెండేళ్లంటే? గుమ్మానికి క్రిస్మస్ నక్షత్రం రెండుసార్లు కడతారు. మొదటిది దించాక, వేసవి సెలవులకి నెల రోజులు వస్తాను. రెండోది దించాక, ఆ వేసవికి వచ్చేస్తాను.
"త్వరలో" కొట్టేశాను. "రోజూ ఫోన్ చేస్తా" కూడా. నైట్ డ్యూటీలుంటాయి, కుదరదు.

జూన్ 11
ఉత్తరం నెలకోసారి పిల్లలకి చదివి వినిపించడం ఆయన పని. ఇవాళ రిహార్సల్. ఓడల మీద కంటైనర్లు ఎత్తే క్రేను నడిపే మనిషి, రెండో లైనుకే కాయితం నా చేతిలో పెట్టేశాడు. "నావల్ల కాదే. నువ్వెల్లకముందు నువ్వే సదివీ."

జూన్ 14
చదివాను. సన్నీ అడిగాడు — "మరి నా బర్త్‌డే కేకు?" నాన్న తెస్తాడన్నాను. వాడికి అంతటితో సరిపోయింది.
చిట్టి నా కొంగు రెండు చేతులా పట్టుకుని వదల్లేదు. భయమేసి, వార్డులో డ్యూటీ అప్పగించే ఆట మొదలెట్టాను. "వెళ్లే సిస్టరు అన్నీ చెప్తుంది. వచ్చిన సిస్టరు సంతకం పెడుతుంది. పెట్టేదాకా మొదటి సిస్టరు వార్డు వదలకూడదు."
ఉత్తరం కింద ఆయన సంతకం పెట్టాడు. సన్నీ ఇంత పెద్దగా పేరు రాశాడు. చిట్టికి సున్నా చాలన్నాను.
"నాను పెట్టను. పెట్టకపోతే ఎల్లకూడదు కదా."
ఆ రూలు చెప్పింది నేనే.

జూన్ 15
ఇంట్లో ఒక్క పెన్నూ లేదు. అన్నీ బియ్యం డబ్బాలో దొరికాయి.
ఆయన: "నువ్వే సున్నా సుట్టీ. ఎవులికి తెలుస్తాది?"
వద్దు. ఒకసారి అబద్ధమాడి వెళ్లాను, చాలు.

జూన్ 16
పెట్టె కట్టేశాం. మూడింటికి ఆటో. ఉత్తరం చిట్టి గౌను జేబులో, పెన్ను నా చేతిలో. బతిమాలాను, కేకు ఆశ చూపాను, కోప్పడ్డాను. రూలు రూలే. ఇంత గట్టి సిస్టరు మా వార్డులో కూడా లేదు. నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది.
రెండున్నర. చిట్టి గుమ్మంలో కూర్చుంది. నా చెప్పులు దాని ఒళ్లో ఉన్నాయి.