మేడమ్ గుండెదడ

ప్రియమైన అక్కకి,

ఫోన్ చేస్తే మాటకి ముందు ఏడుపొస్తుందని ఉత్తరం రాస్తున్నాను. నువ్వు కంగారుపడకు, ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. బాగాలేనిది నేనే.

మా బ్లడ్ బ్యాంకుకి కొత్త ఇన్‌చార్జి మేడమ్ వచ్చి మూడు నెలలైంది. చెడ్డ మనిషి కాదు, ఎవర్నీ ఒక్క మాట తిట్టదు. కానీ పొద్దున్నే ఫోన్ చూసుకుంటూ, ఊపిరి బిగబట్టి లోపలికొస్తుంది. "ఏమైంది? ఇంకా కాలేదా? పై నుంచి అడుగుతున్నారు" అంటుంది. ఏది కాలేదో చెప్పదు. ఆవిడ అడుగు పెట్టగానే నా భుజాలు చెవుల దాకా లేస్తాయి, పళ్లు బిగుసుకుంటాయి. ఆవిడ గబగబా మాట్లాడితే నేనూ గబగబా మాట్లాడతాను. అరగంటకి ఆవిడ కుదుటపడుతుంది. ఆ దడ మాత్రం నా దగ్గరే ఉండిపోతుంది.

నిన్న సాయంత్రం పాప పలక సర్దుకుంటుంటే, "ఇంకా కాలేదా? ఏమైంది?" అన్నాను. అది బిత్తరపోయి, "అమ్మా, ఎవరైనా అడుగుతున్నారా?" అంది. ఆ గొంతు నాది కాదక్కా, అచ్చం మేడమ్‌ది.

నువ్వు ప్రింటింగ్ ప్రెస్సులో పన్నెండు మందిని నడుపుతున్నావు. ఏం చేయాలో చెప్పు.

నీ,
చిన్ని

*

చిట్టి చెల్లికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పిచ్చిదానా, జలుబు ఒకరి నుంచి ఒకరికి అంటుకున్నట్టే కంగారూ అంటుకుంటుంది. ఎదుటివాళ్ల మొహం, గొంతు, ఊపిరి మనకి తెలీకుండానే మన ఒంట్లోకి దిగిపోతాయి. అది నీ బలహీనత అనుకోకు. కానీ అందరూ తుమ్ముతున్న గదిలో ముక్కు తెరిచి కూర్చోవడం కూడా తెలివి కాదు.

మీ మేడమ్ వచ్చినప్పుడు ముందు నీ ఒంటిని చూసుకో. భుజాలు ఎక్కడున్నాయి? పాదాలు నేలకి ఆనాయా? ఊపిరి తీసుకున్న దానికంటే నెమ్మదిగా వదులు. "ఈ దడ ఆవిడది, నాది కాదు" అని మనసులో అనుకో. తర్వాత ఆవిడ వేగంతో పరిగెత్తకు. "ఏది ముందు కావాలి మేడమ్? ఎన్నింటికి?" అని అడుగు. ఊరికే భయపడేవాళ్లకి ఒక పని పేరు, ఒక టైము దొరికితే సగం నిమ్మళిస్తారు. ఆవిడ అడక్కముందే "ఇవి అయ్యాయి, ఇవి మిగిలాయి" అని నువ్వే చెప్పెయ్యి. ఆవిణ్ణి బాగుచేయడం మాత్రం నీ పని కాదు, ఆ బరువు నెత్తినేసుకోకు.

మా ప్రెస్సులో ఈ గోల లేదు తల్లీ. ఒత్తిడి ఎంతున్నా నేను పైకి చూపించను. అందరూ కిక్కురుమనకుండా పని చేసుకుంటారు.

ప్రేమతో,
అక్క

*

అక్కా,

నీ ఉత్తరం వచ్చినప్పుడు నవ్వుకున్నాను. ఊపిరి పీలిస్తే మేడమ్ మారుతుందా అనుకుని పక్కన పడేశాను. మొన్న మంగళవారం జరిగింది చెప్తాను, కూర్చుని చదువు.

రెండు వార్డుల్లో ఒకే పేరున్న ఇద్దరు ఆడవాళ్లు. ఒకరిది ఎ గ్రూపు, ఒకరిది ఓ గ్రూపు. ఇద్దరికీ రక్తం సరిపోతుందో లేదో పరీక్ష చేసి, రక్తం సంచులకి పేరు, నంబరు ఉన్న చీటీలు కట్టాలి. మేడమ్ నా భుజం మీంచి వంగి "పై నుంచి మూడోసారి ఫోను, మూడోసారి" అంటోంది. నా చేతులు వాటంతట అవే కదిలాయి. నంబర్లు చదివాననే అనుకున్నాను.

సంచి బయటికి వెళ్లేముందు రెండో మనిషి సరిచూడాలి. మేమంతా బాబాయ్ అని పిలిచే ముసలి టెక్నీషియన్ చీటీ మీద వేలు పెట్టి, ఆగి, "అమ్మాయ్, ఇలా రా" అన్నాడు. అంతే. చీటీలు తారుమారయ్యాయక్కా. ఎ గ్రూపు సంచి ఓ గ్రూపు మనిషికి వెళ్లబోయింది. ఎక్కితే ఆమె బతికేది కాదేమో.

చేసింది నా చేతులేనంటే నాకే నమ్మకం కలగలేదు. తప్పు రిపోర్టు రాసి సంతకం పెట్టాను. ఆ తర్వాత నీ ఉత్తరం వెతుక్కుని మళ్లీ చదివాను.

శుక్రవారం మళ్లీ అర్జెంటు వచ్చింది. మేడమ్ మళ్లీ నా భుజం దగ్గరికొచ్చింది. పాదాలు నేలకి ఆనించాను, ఊపిరి వదిలాను. "మేడమ్, రెండు నిమిషాలు. నేను నంబర్లు పైకి చదువుతాను, మీరు కాగితంలో చూసి చెప్పండి" అన్నాను. ఆవిడ తెల్లబోయింది. కాగితం తీసుకుంది. నేను నెమ్మదిగా చదివాను. మూడో నంబరుకి ఆవిడ గొంతు నా గొంతులాగే నెమ్మదించింది.

పని అయ్యాక స్టూలు మీద కూలబడి, "రోజూ పొద్దున ఇక్కడికి బయల్దేరేముందు నాకు వాంతి అవుతుంది, తెలుసా?" అంది. ఆవిడకీ ఎక్కడి నుంచో అంటుకున్నదే. అవునా అన్నాను, మంచినీళ్లిచ్చాను. అంతకుమించి ఏమీ మోయలేదు. ఆవిడే, "ఇకపై చీటీలు కట్టేటప్పుడు ఎవరూ ఆ బల్ల దగ్గరికి రాకూడదు, నేనైనా సరే" అని రాసి గోడకి అంటించింది.

నీ మాటే నన్ను కాపాడిందక్కా.

చిన్ని

*

చిన్నీ,

నెలరోజులుగా జవాబు రాయలేదని అలిగి ఉంటావు. రాయడానికి చెయ్యి రాలేదు.

నీ ఉత్తరం నాకెంత గర్వమనిపించిందంటే, మా బైండింగ్ ఆవిడకి చదివి వినిపించాను. నవ్వుతుందనుకున్నాను. ఆవిడ మొహం మాడిపోయింది. "మీరు పెన్ను టక్కుటక్కుమనిపిస్తూ మెట్లు దిగితే మేం మాటలు ఆపేస్తాం మేడమ్" అంది. "పైకి ఏమీ అనరు. అందుకే ఇంకా భయం. ఏం మునిగిపోయిందో తెలీదు కదా!"

నేను చూపించడం లేదనుకున్నది వాళ్లందరికీ కనపడుతోంది. కిక్కురుమనకుండా ఎందుకున్నారో ఇప్పుడు తెలిసింది.

నిన్ను కూర్చుని చదవమనాల్సిన సంగతి అది కూడా కాదు. రెండు నెలల కిందట మా కటింగ్ మిషన్ అతని రెండు వేళ్లు నలిగాయి. కాగితాల కట్టని అదిమిపట్టే ఇనుప పట్టీ ఉంటుంది, దాన్ని కాలితో తొక్కి దించాలి. వేళ్లు కిందుండగానే తొక్కేశాడు. పరధ్యానం అని రిజిస్టర్లో రాసింది నేనే. నీకు ఆ సంగతి చెప్పనే లేదు.

మొన్న అతని ఇంటికెళ్లాను. "ఆ రోజు నేనెక్కడున్నాను?" అని అడిగాను. "నా వెనకే ఉన్నారు మేడమ్. మీరేమీ అనలేదు. మీ ఊపిరి వినిపిస్తోంది. నా కాలు నా మాట వినలేదు" అన్నాడు.

అక్కడి నుంచి నేరుగా ప్రెస్సుకి వచ్చాను. రిజిస్టర్లో నా తప్పు రాసి యజమానికి పంపాను. ఏం చేస్తారో తెలీదు. మిషన్ చుట్టూ గీత గీయించాను, అది నడిచేటప్పుడు నడిపే మనిషి తప్ప ఎవరూ ఆ గీత దాటరు. నేను దిగేముందు పైమెట్టు మీదే నిలబడి ఊపిరి వదులుతున్నాను. ఒక్కోరోజు కుదరదు. కుదరని రోజు, "నాకు ఇవాళ ఫలానా పని గురించి భయంగా ఉంది, మీ తప్పేం లేదు" అని నోటితో చెప్పేస్తున్నాను.

ఒక్కటి అడుగుతాను, దాచకు. అమ్మ పనికెళ్లాక నిన్ను పెంచింది నేనే కదా. అప్పుడు నన్ను చూసి నువ్వు కూడా ఇలాగే బిగుసుకుపోయేదానివా?

నీ అక్క

*

అక్కా,

అవును. మేడమ్ దడ నాకంత తొందరగా ఎందుకంటుకుందో నీ ఉత్తరం చదివాకే తెలిసింది. అప్పుడు నీకు పదమూడేళ్లు. ఆ వయసులో ఇల్లంతా నీ నెత్తిన పడితే, ఆ దడ నీకూ అమ్మ నుంచే అంటుకుందేమో అని కూడా ఆలోచించాను.

ఆదివారం నేనూ పాపా వస్తున్నాం. ముందుగా ఏమీ వండిపెట్టకు, సర్దిపెట్టకు. తలుపు తియ్యి చాలు.

నీ చిన్ని