ఫలశ్రుతి లేని శతకం

కొత్తవాడ, వరంగల్
12-8-1974

గురువుగారి పాదాలకు నమస్కరించి రాస్తున్నాను.

నూటెనిమిది పద్యాలూ దిద్ది పంపారు, సంతోషం. ఫలశ్రుతి లేనిదే శతకం పూర్తికాదని, చదివినవారికి ఏ ఫలం కలుగుతుందో చివరి పద్యంలో చెప్పి తీరాలని రాశారు. దేవుణ్ణి నిలదీసిన శతకానికి ఏం ఫలం చెప్పను? మీరు మెచ్చిన పద్యమే చూడండి:

బిడ్డ కాళ్లు పడగ పిలిచితి గద నిన్ను
పలుకవేమి, చెవులు బండలేమొ
లేనివాని నెట్లు లేపగలను నేను
గట్టుమీది దేవ! కఠినహృదయ!

మా వనజకు జ్వరమొచ్చి కాళ్లు పడిపోయిన వారంలో రాసిందది. ఇక నడవదని దవాఖానలో చెప్పారు. నేను నమ్మాను.

నా భార్య లక్ష్మీనర్సమ్మకు చదువు రాదు. జంపఖానా నేస్తూ నేను పాడుకుంటుంటే విని అన్నీ నేర్చుకుంది. రోజూ పిల్ల కాళ్లకు నూనె రాస్తూ అవే పాడుతోంది. అవి తిట్లని చెప్పాను.

"తిట్టినా ప్రతి పద్యం ఆఖర్ల దేవా అనే పిలుస్తున్నవు గదా. ఫలశ్రుతిల ఏం రాస్తే అదే అయితదట. జర బిడ్డ నడుస్తదని రాయి" అంది.

మీ ఉత్తరం వచ్చినప్పటినుంచి, మూడు నెలలుగా ఆ పద్యం రాయాలని కూర్చుంటున్నాను. గణాలు కుదురుతున్నాయి, యతి పడుతోంది. అబద్ధమని తెలిసి చెయ్యి ఆగిపోతోంది.

నిన్న వనజ అడిగింది: "బాపూ, ఇంకొక్క పద్యం రాస్తే నేను నడుస్తనట గదా?"

ఆ ఒక్కటీ మీరే రాసి పంపండి.

మీ శిష్యుడు