గిన్నెలు తోమాక రాసిన జవాబు

ఏమయ్యా,

నిన్న నీ సంవత్సరికం పెట్టాం. చుట్టాలు వెళ్లగానే ఫోన్ మోగింది. రెండో పెళ్లి సంబంధాల యాప్‌లో నన్ను చేర్పించింది మీ అమ్మే. అందులో అమీన్‌పూర్ ఆయనొకడు వారంగా మర్యాదగానే రాస్తున్నాడు. ఆ మెసేజ్ అతనిదే, నువ్వెలా పోయావని అడిగాడు. పటాన్‌చెరు కంపెనీలో రియాక్టర్ పేలి పోయావని చెప్పాను. వెంటనే ఇలా రాశాడు: "ఒకణ్ణి మింగినవ్, ఇగ నా వంతా?" కింద నవ్వే బొమ్మలు.

నువ్వుంటే వాడి ఇంటి మీదికి బండి తీసేవాడివి. నేనూ వాడి తల్లిని కలిపి నాలుగు తిట్లు టైప్ చేశాను. చెరిపేశాను. ఫోన్ బోర్లా పెట్టి, గిన్నెలన్నీ తోమి, కోపం దిగాక రాశాను: "ఈ మాట నాకు నచ్చలేదు. ఈ సంబంధం వద్దు. ఇక రాయకండి." ఎందుకలా అన్నావని అడగలేదు. అడిగితే మళ్లీ మొదలుపెడతాడు.

"అయ్యో, కోపమొచ్చిందా మేడం?" అన్నాడు. బ్లాక్ చేస్తే చాట్ పోతుందేమోనని ముందు స్క్రీన్‌షాట్ తీసి, రిపోర్ట్ కొట్టి, అప్పుడు బ్లాక్ చేశాను.

మీ అమ్మకు చదివి వినిపించాను. వాణ్ణి తిడుతుందనుకున్నాను. నీ ఫోటోకు వేసిన దండ సర్దుతూ, "గాయిన అన్నదాంట్ల అబద్ధమేముంది?" అంది.

"ఆ మాట నాకు నచ్చలేదు అత్తమ్మా," అన్నాను.

"నచ్చకుంటే ఏంది? జెర చాయ్ పెట్టు."

తోమడానికి మళ్లీ సింకు దగ్గరికి వెళ్లాను. గిన్నెలన్నీ అప్పటికే తోమేశాను.