గుమ్మంలో చెప్పుల నవల

అమ్మా, నేను కులాసా. నా నవలకి ఎడిటర్ గారు ఒప్పుకున్నారు, ఇక ఉద్యోగం చూసుకోమని పోరకు!

ఇల్లంతా వదిలేసి గుమ్మంలో చెప్పులు మాత్రం ఎత్తుకుపోయిన దొంగ వార్త రెండేళ్ళ కిందట కత్తిరించి దాచానుగా? అప్పట్లో దాని చుట్టూ కథ అల్లుకోలేదు. కిందటేడు బస్సులో వెనక సీటావిడ, “ఒంటరిదాన్నని తెలియకూడదని చనిపోయిన మా ఆయన చెప్పులు రోజూ గుమ్మంలో పెడతాను” అంటోంది. దిగగానే నోట్‌బుక్కులో ఎక్కించేశా. దొంగ ఆ చెప్పులే ఎత్తుకుపోతే? అంతే, నవల! ఆవిణ్ణి ఎవరూ పోల్చుకోకుండా వయసూ, ఇల్లూ మార్చేశాను.

అటకమీది పాత పేపర్లు అమ్మెయ్యకు. నాన్న మోకాలు తగ్గిందా? పిన్ని ఎవరితో పోట్లాడిందో, ఏమేం అందో అన్నది అన్నట్టే రాయి.

చిన్నప్పుడు పెద్దవాళ్ళ మాటలు వింటున్నానని చెవులు మెలిపెట్టేదానివే, ఆ చెవులకి ఈసారి నేను వచ్చినప్పుడు నువ్వు ముద్దు పెట్టాలి.

నీ కూతురు