ఇరవై ఆరు కాదు, ఇరవై నాలుగు

కళ్ళద్దాల దుకాణం, వెనక గది
తొమ్మిదో తేదీ, సోమవారం, మధ్యాహ్నం

చిట్టి వాళ్ళ అమ్మగారికి,

నమస్కారాలు. మీరూ, చిట్టి వాళ్ళ నాన్నగారూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. మీ మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టిందని చిట్టి చెప్పాడు. ఇక్కడ అమ్మా, నేనూ బాగున్నాం. అత్తయ్యగారూ అని మొదలుపెట్టాలని చెయ్యి లాగింది. మీరు ఒప్పుకోకముందే వరస కలిపేస్తే బాగుండదని ఆగాను.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, ఇరవయ్యో తేదీన మీరు వేరే సంబంధం వాళ్ళకు మాట ఇవ్వబోతున్నారు. మీరు ఇచ్చిన మాట వెనక్కి తీసుకునే మనిషి కాదని నాకు తెలుసు. అందుకే ఇవ్వకముందే ఈ ఉత్తరం మీ చేతికి అందాలి.

నేను నచ్చకపోవడానికి మీరు చెప్పిన కారణం ఒక్కటే. పేర్ల సంఖ్యలు కలవలేదు. చిట్టిది తొమ్మిది, నాది ఎనిమిది. తొమ్మిది కుజుడు, ఎనిమిది శని. ఇద్దరూ ఒక గడపలో ఇమడరని అంకెల మాస్టారు కాగితం మీద రాసిచ్చారు. పైగా ఎనిమిదికి ముందు వచ్చిన మొత్తం ఇరవై ఆరు. ఆ సంఖ్య ఉన్నవాళ్ళతో పొత్తు పెట్టుకుంటే నష్టమేనని కింద గీత గీసి మరీ చెప్పారు. ఆ కాగితం చూశాక చిట్టి రెండు రోజులు లిఫ్టులు బాగుచేసే పనికి పోలేదు. ఎవరి లిఫ్టు ఎక్కడ ఆగినా నాకేంటి, నాదే మధ్య అంతస్తులో ఆగిపోయింది అన్నాడు.

నేను మాత్రం ఏడవలేదు. లెక్క అన్నారు కదా, లెక్కయితే సరిచూడొచ్చు అనుకున్నాను. పిలిచే పేరుకే బలం ఎక్కువని మాస్టారి పద్ధతి. నన్ను పుట్టినప్పటి నుంచి అందరూ పొట్టి అనే పిలుస్తారు, దుకాణంలో కూడా. ఆ పేరునే ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి ఒక్కో అక్షరానికి ఒక అంకె వేశారు. పి ఏడు, ఓ ఆరు, టీ రెండు, ఇంకో టీ రెండు, ఐ తొమ్మిది. కూడితే ఇరవై ఆరు. రెండూ ఆరూ ఎనిమిది. మూడు రోజులు కిందా మీదా కూడి చూశాను. కూడికలో తప్పు లేదు.

చిట్టి సంఖ్య వేసిన కాగితం ఎక్కడుందని వాణ్ణి అడిగాను. కోప్పడకండి, మీ బీరువాలోంచి వాడే తెచ్చాడు. మళ్ళీ అదే మడతలో పెట్టేశాడు. వాడికి ఏడాది నిండినప్పుడు పెద్ద మాస్టారు, అంటే ఇప్పటి మాస్టారి నాన్నగారు, రాసిచ్చిన కాగితం అది. సి మూడు, హెచ్ అయిదు, ఐ ఒకటి, టీ నాలుగు, ఇంకో టీ నాలుగు, ఐ ఒకటి. మొత్తం పద్దెనిమిది. ఒకటీ ఎనిమిదీ తొమ్మిది. అందులోనూ కూడిక తప్పు లేదు.

మొదటి తారీఖు ఆదివారం ఆ రెండు కాగితాలూ మా వంటగది బల్ల మీద పక్కపక్కన పడ్డాయి. తప్పు ఆ పూటే దొరికింది. అమ్మగారూ, మీరు కూడా చూడండి. మా ఇద్దరి పేర్ల తోకా ఒకటే: టీ, టీ, ఐ. చిట్టి కాగితంలో వాటి కింద నాలుగు, నాలుగు, ఒకటి. నా కాగితంలో రెండు, రెండు, తొమ్మిది. అవే అక్షరాలు వాడింట ఒక అంకె, నా ఇంట ఇంకో అంకె ఎలా పలుకుతాయి?

శనివారం మాస్టారి గదికి వెళ్ళాను. ఏమ్మా, జాతకం మార్చమంటావా అని నవ్వారు. మార్చొద్దండీ, ఈ తోక ఒక్కటి చూడండి అన్నాను. చూశారు. అద్దాలు తీసి తుడిచి మళ్ళీ చూశారు. లేచి నాన్నగారి పాత పుస్తకం దించి దుమ్ము దులిపారు. చెప్పకూడదు గానీ, అప్పుడు నాకు లోపల ఈల వేయాలనిపించింది.

విషయం ఇది. పట్టికలు రెండున్నాయి. పాత పట్టిక అక్షరం పలికే ధ్వనిని బట్టి ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలిస్తుంది. తొమ్మిది పవిత్రమని ఏ అక్షరానికీ ఇవ్వదు, మొత్తంగా మాత్రమే రావాలి. కొత్త పట్టిక అక్షరాలను వరసగా ఒకటి నుంచి తొమ్మిది దాకా పరిచి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. పెద్ద మాస్టారిది పాతది. ఈయన అయిదేళ్ళుగా కొత్తది వాడుతున్నారు. మీరు వెళ్ళినప్పుడు అబ్బాయిది తొమ్మిదండీ అని నోటితో చెప్పారట. ఆయన ఏ పట్టికలో అని అడగలేదు. మా దుకాణంలో ఒకరి కుడి కంటి అద్దం, ఇంకొకరి ఎడమ కంటి అద్దం ఒకే చట్రంలో బిగిస్తే ఎలా ఉంటుందో అలా అయింది. రెండద్దాలూ మంచివే. పెట్టుకున్నవాళ్ళకే కళ్ళు తిరుగుతాయి.

మాస్టారు నా ముందే మళ్ళీ వేశారు. పాత పట్టికలో పొట్టి: పి ఎనిమిది, ఓ ఏడు, టీ నాలుగు, టీ నాలుగు, ఐ ఒకటి. ఇరవై నాలుగు. అంటే ఆరు, శుక్రుడు. మూడు, ఆరు, తొమ్మిది ఒకే కుటుంబం సంఖ్యలట, ఒకదానికొకటి చేదోడు. ఇరవై నాలుగంటే అయినవాళ్ళ అండ దొరికే సంఖ్యట. సరే, కొత్తదాంట్లో చిట్టిని వేయండి అన్నాను. సి మూడు, హెచ్ ఎనిమిది, ఐ తొమ్మిది, టీలు రెండేసి, ఐ తొమ్మిది. ముప్పై మూడు, అంటే ఆరు. నాది ఎనిమిది. శుక్రుడికీ శనికీ స్నేహమే. ఏ పట్టిక పట్టినా మేము కలుస్తాం, రెండూ కలగలిపితేనే విడిపోతాం! మాస్టారు తన తప్పు ఒప్పుకుని, రెండు లెక్కలూ రాసి సంతకం పెట్టిచ్చారు. దీనితో పంపుతున్నాను.

ఒక్కటి దాచను. పద్దెనిమిదికి ఇంట్లో పోరు అని ఆ పుస్తకంలోనే ఉంది. కానీ అది మీ అబ్బాయి సంఖ్య, నాది కాదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా మీరు వేగుతున్నారు, ఇకమీద ఇద్దరం కలిసి వేగుదాం.

ఈ లెక్కలు నేను నమ్ముతానా అని అడుగుతారేమో. నాకు తెలియదు. మీరు నమ్ముతారు. నమ్మినదాన్ని సరిగ్గా చేసి చూపించడమే నేను మీకివ్వగల మర్యాద. పద్దెనిమిదో తేదీలోగా మీ జవాబు రాయమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
మీ మాట కోసం చూస్తున్న
పొట్టి

తా.క. ఉత్తరం మడిచాక మనసొప్పలేదు. తప్పు పట్టింది నేను కాదు. నేను మూడు రోజులు కూడుతూనే కూర్చున్నాను. పట్టింది మా అమ్మ. ఆ పిల్ల తప్ప ఇంట్లో అక్షరం ముక్క వచ్చినవాళ్ళు లేరు అని మీరు అన్నారే, ఆ అమ్మే. ఇరవై ఏళ్ళుగా లాండ్రీలో కాలర్ల మీద గుర్తులు చూసి ఎవరి బట్టలు వాళ్ళకు చేరుస్తోంది. ఆ ఆదివారం కూరగాయలు పక్కకు జరిపి, ఈ మూడు గుర్తులూ ఆ మూడు గుర్తులూ ఒకటే కదే, కింద అంకెలు వేరే ఎందుకున్నాయి, గుర్తు ఒకటైతే ఇల్లు ఒకటే అవ్వాలి కదా అంది. నువ్వే కనిపెట్టానని రాయవే, చదువుకున్న పిల్ల అంటే వాళ్ళకు విలువుంటుంది అని ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు తప్పుతున్నాను. మీకు కోడలు కావలసింది ఆవిడ కూతురు. జవాబు మా అమ్మ పేరున రాయండి. సరే అనుకుంటే ఆరూ, తొమ్మిదీ పక్కపక్కన పెద్దగా వేయండి. అంకెలు ఆవిడకు వచ్చు, నేను చదివి వినిపించక్కర్లేదు. పద్దెనిమిదిలోగా.